పేర్లు రాసుకోని పద్దు

రెడిస్ అనే డేటాబేస్ వాడేవాళ్లకు `PFADD`, `PFCOUNT`, `PFMERGE` అనే మూడు ఆదేశాలు తెలిసే ఉంటాయి. మొదటిది ఒక పేరును లెక్కలో చేరుస్తుంది, రెండోది ఇప్పటిదాకా ఎన్ని వేర్వేరు పేర్లు వచ్చాయో చెబుతుంది, మూడోది రెండు లెక్కల్ని కలుపుతుంది. మూడింటికీ ముందున్న ఆ పీ, ఎఫ్ ఏ సాంకేతిక పదానికీ సంక్షిప్తం కాదు. అవి ఒక మనిషి పొడి అక్షరాలు. ఆయన ఫిలిప్ ఫ్లాజొలే, ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో పనిచేసిన గణిత శాస్త్రవేత్త. 2011 మార్చిలో కన్నుమూశాడు. మూడేళ్ల తర్వాత, 2014లో, రెడిస్‌ను సృష్టించిన ఇటలీ ప్రోగ్రామర్ సాల్వతోరె సాన్‌ఫిలిప్పో హైపర్‌లాగ్‌లాగ్ అనే ఈ కొత్త లెక్కింపు పద్ధతిని అందులో చేర్చినప్పుడు ఫ్లాజొలే గుర్తుగా ఆ రెండు అక్షరాలూ పెట్టాడు.

వాడకం చూస్తే అందులో వింతేమీ కనిపించదు:

```
PFADD post:42 ravi latha ravi
PFCOUNT post:42
```

జవాబు 2. రవి రెండుసార్లు వచ్చినా ఒక్కడిగానే లెక్కకెక్కాడు. ఇందులో గొప్పేముంది, పేర్లన్నీ రాసి పెట్టుకుంటే ఎవరైనా చెబుతారు అనిపిస్తుంది. తమాషా ఏమిటంటే రెడిస్ ఆ పేర్లను ఎక్కడా రాసుకోలేదు. ఇద్దరి బదులు కోటిమంది వచ్చినా రాసుకోదు. కోటిమందికీ కలిపి దానికి కావలసిన చోటు 12 కిలోబైట్లు.

ఈ పొదుపు ఎవరికి అవసరమో తెలియాలంటే 2017లో రెడిట్ చేసిన పని చూడాలి. జనం రాసుకునే ప్రతి పోస్టు పక్కనా దాన్ని ఎంతమంది చూశారో చూపించాలని ఆ సంస్థ ఇంజనీర్లు అనుకున్నారు. ఒకే మనిషి పేజీని పదేపదే తెరిస్తే సంఖ్య పెరగకూడదు. అంకె అప్పటికప్పుడు మారుతుండాలి. అసలు సంఖ్యకు రెండు మూడు శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మామూలు పద్ధతిలో ఇది ఎంత భారమో వాళ్లే లెక్కవేసి చూపించారు. ఒక్కో సభ్యుడి గుర్తింపు సంఖ్యకు 8 బైట్లు పడుతుంది. పది లక్షలమంది చూసిన ఒక్క పోస్టుకే 8 మెగాబైట్లు కావాలి. పోస్టులా, లెక్కలేనన్ని. అదే హైపర్‌లాగ్‌లాగ్ పద్ధతిలో 12 కిలోబైట్లు, అంటే ఆ 8 మెగాబైట్లలో 0.15 శాతం. లెక్కకు ఎక్కించదగిన చూపు ఏదో, ఎక్కించకూడనిది ఏదో వడకట్టే భాగానికి వాళ్లు పెట్టుకున్న పేరు నజర్. తెలుగులో అయితే దిష్టి అనాలి. జనం చూపులు లెక్కపెట్టే యంత్రానికి అంతకంటే మంచి పేరు దొరకదు.

పేర్లు రాసుకోకుండా వేర్వేరు మనుషుల్ని ఎలా లెక్కపెడతారు? బొమ్మా బొరుసా ఆటతో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక గదిలో కొందరున్నారు. ఎంతమందో బయటివాడికి తెలియదు. ప్రతివాళ్లూ ఒక నాణెం తీసుకుని బొమ్మ పడేదాకా ఎగరేస్తారు, ఎన్నో విసురులో పడిందో గుర్తుంచుకుంటారు. సగంమందికి మొదటి విసురులోనే పడిపోతుంది. నలుగురిలో ఒకరికి రెండోదాకా ఆగాల్సి వస్తుంది, ఎనిమిదిమందిలో ఒకరికి మూడోదాకా. వరసగా తొమ్మిది బొరుసులు పడి పదో విసురులో బొమ్మ రావడం 1,024 మందిలో ఒకరికి జరిగే సంగతి. అంచేత గదిలోంచి ఎవరో బయటికొచ్చి "మాలో అందరికంటే ఎక్కువసేపు ఎగరేసినవాడికి పదో విసురులో పడింది" అని చెబితే, లోపల ఉజ్జాయింపుగా వెయ్యిమంది ఉన్నారనుకోవచ్చు. మూడో విసురే అందరికంటే ఎక్కువ అన్నారంటే పదిమందికి మించి ఉండరేమో. బయటివాడు పేర్లు అడగలేదు. ఒక్క అంకె అడిగాడు.

కంప్యూటర్లో నాణెం పాత్ర హ్యాష్ అనే సూత్రానిది. ఏ పేరిచ్చినా దాన్ని చితక్కొట్టి, సున్నాలూ ఒకట్లూ కలగలిసిన పొడవాటి వరసగా మారుస్తుంది. రెడిస్‌లో ఆ వరస పొడవు 64 అంకెలు. సున్నా బొరుసు, ఒకటి బొమ్మ అనుకుంటే, చూడ్డానికి నాణేన్ని 64 సార్లు ఎగరేసి రాసినట్టే ఉంటుంది. నిజం నాణేనికీ దీనికీ ఒక్కటే తేడా, పద్ధతి మొత్తం దానిమీదే నిలబడింది: రవి పేరు ఎన్నిసార్లు ఇచ్చినా అదే వరస వస్తుంది. అతను వందోసారి పేజీ తెరిచినా మొదటిసారి పడిన బొరుసులే మళ్లీ పడతాయి, కాబట్టి రికార్డు మారదు. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం దానంతటదే పోతుంది, పాత పేర్లతో పోల్చి చూడాల్సిన పని లేకుండా.

ఫ్లాజొలే ఈ దారిలో తొలి అడుగు వేసింది 1980లలోనే, ఐబీఎంలో పనిచేసే నైజెల్ మార్టిన్‌తో కలిసి. అప్పటికి వెబ్‌సైట్లు లేవు. డేటాబేస్ పట్టికలో ఒక నిలువు వరసలో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో ముందే తెలిస్తే, ప్రశ్నకు జవాబు ఏ దారిన వెతకాలో యంత్రం నిర్ణయించుకోగలదు. వాళ్లకు కావలసింది అదే.

ఒక్క రికార్డు అంకెను నమ్ముకుంటే ఇబ్బంది ఏమిటో ఇట్టే తెలుస్తుంది. గదిలో ముగ్గురే ఉండి, అందులో ఒకడికి దరిద్రం పట్టుకుని పదో విసురుదాకా బొమ్మ పడలేదనుకోండి. బయటివాడు వెయ్యిమందికి వంట చేయిస్తాడు. పైగా అంచనాలు రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్లలోనే వస్తాయి, మధ్య సంఖ్యలుండవు. దీనికి మందు జనాన్ని చాలా గదుల్లోకి పంచడం. హ్యాష్ వరసలో మొదటి కొన్ని అంకెలు చూసి మనిషి ఏ గదిలోకి పోవాలో తేలుస్తారు. మిగిలిన అంకెలు అతని నాణెం. ప్రతి గదికీ ఒక రికార్డు ఉంటుంది, దాన్ని రిజిస్టర్ అంటారు. చివర్లో రిజిస్టర్లన్నిటినీ కలిపి సగటు తీస్తారు. రెడిస్‌లో మొదటి 14 అంకెలు గదిని చెబుతాయి కాబట్టి గదులు 16,384. మిగిలిన 50 అంకెల్లో రికార్డు 51 దాటడానికి వీల్లేదు, ఆ సంఖ్య రాయడానికి 6 బిట్లు చాలు. 16,384ను ఆరుతో గుణించి బైట్లలోకి మారిస్తే 12,288. ముందు చెప్పిన 12 కిలోబైట్లు ఇవే.

పేరులో లాగ్ రెండుసార్లు ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వంద కోట్లు అంటే రెండును దాదాపు ముప్పైసార్లు గుణించిన సంఖ్య. అది మొదటి లాగ్. ఆ ముప్పై అనే అంకెను రాసుకోవడానికి 5 బిట్లు పడుతుంది, అది రెండోది. వంద కోట్లమంది వచ్చినా రిజిస్టర్‌కు గుర్తుండాల్సింది ముప్పై చుట్టుపక్కల ఒక అంకె.

2003లో మరియాన్ డ్యురాన్‌తో కలిసి ఫ్లాజొలే ఈ పద్ధతిని లాగ్‌లాగ్ పేరుతో ప్రకటించాడు. ఆ వ్యాసంలో వాళ్లు షేక్‌స్పియర్ సమస్త రచనలనూ ఈ జల్లెడలో పోశారు. నాలుగేసి బిట్ల రిజిస్టర్లు 256, మొత్తం 128 బైట్లు. షేక్‌స్పియర్ వాడిన వేర్వేరు పదాలు 30,897 అని జవాబొచ్చింది. అసలు సంఖ్య 28,239. తప్పు 9.4 శాతం. తప్పే, కానీ 128 బైట్లలో ఆ పదాల్లో ఇరవయ్యింటిని కూడా రాసుకోలేం.

లాగ్‌లాగ్‌కు ఒక బలహీనత మిగిలిపోయింది. 16 గదులతో చిన్న లెక్క వేసి చూస్తే అది కళ్లకు కడుతుంది. పేజీకి కొంతమంది వచ్చాక రిజిస్టర్లు ఇలా ఉన్నాయనుకుందాం: 3, 5, 4, 2, 6, 4, 3, 5, 4, 4, 7, 3, 4, 5, 2, 4. వీటి మొత్తం 65, మామూలు సగటు 4 కంటే కొంచెం ఎక్కువ. లాగ్‌లాగ్ ఈ సగటునే తీసుకుని, రెండును అన్నిసార్లు గుణించి అంచనా కడుతుంది. ఇప్పుడు ఒక కొత్త మనిషి వచ్చాడు. అతని హ్యాష్‌లో వరసగా పందొమ్మిది సున్నాలు పడ్డాయి. అంటే 4 ఉన్న ఒక రిజిస్టర్ ఒక్క దెబ్బతో 20 అయింది. మొత్తం 65 నుంచి 81కి పెరిగింది, సగటు సరిగ్గా ఒకటి పెరిగింది. రెండును ఇంకోసారి గుణించాలి. ఒక్క మనిషి రాకతో పేజీకి వచ్చినవాళ్ల సంఖ్య రెట్టింపయింది!

డ్యురాన్, ఫ్లాజొలే ఈ సంగతి ఎరుగుదురు. పెద్ద రిజిస్టర్లలో ముప్పై శాతాన్ని పక్కన పారేసి సగటు తీసే మార్పు ఒకటి వాళ్లే సూచించారు. దానికంటే అందమైన విరుగుడు 2007లో వచ్చింది. ఎరిక్ ఫ్యూసి, ఒలివియే గందూయే, ఫ్రెడెరిక్ మ్యునియేలతో కలిసి ఫ్లాజొలే రాసిన వ్యాసంలో పారేయడమేమీ లేదు. సగటునే మార్చారు.

కొత్త సగటు బళ్లో చదువుకున్న హరాత్మక మధ్యమమే. ఊరికి పోయేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 20 కిలోమీటర్ల వేగంతో బండి నడిపినవాడి సగటు వేగం 40 కాదు, 30. పోయేటప్పుడు రాకెట్ ఎక్కినా సరే, వచ్చేది 20తో అయితే సగటు 40 దాటదు. ఒక్క పెద్ద విలువ మొత్తాన్ని పైకి లాక్కుపోలేదు. రిజిస్టర్లకూ ఇదే వైద్యం. ప్రతి రిజిస్టర్‌కూ 2ను అన్నిసార్లు గుణించి, ఆ ఫలితాన్ని తలకిందులు చేసి, అన్నీ కూడాలి. పై పదహారింటికీ కూడితే 1.3672 వస్తుంది. 16 గదులకు గణితం ఇచ్చే సవరణ గుణకం 0.673. అంచనా ఇది:

```
0.673 × 16 × 16 ÷ 1.3672 = 126
```

ఇప్పుడా 4ను 20 చేసి చూడండి. పదహారో వంతు ఉండాల్సిన చోట దాదాపు సున్నా వచ్చింది, మొత్తం 1.3047కి తగ్గింది. అంచనా 132. లాగ్‌లాగ్‌లో రెట్టింపైన సంఖ్య ఇక్కడ ఆరు మాత్రమే కదిలింది. పేరుకు ముందు హైపర్ అని తగిలించుకునే అర్హత ఈ ఆరుకుంది.

పదహారు గదులతో 126 అని చెప్పినా దాన్ని అంతగా నమ్మకూడదు. గదుల సంఖ్య వర్గమూలంతో 1.04ను భాగిస్తే ప్రామాణిక దోషం వస్తుంది. పదహారుకు అది 26 శాతం, రెడిస్ వాడే 16,384కు 0.81 శాతం. పదిలక్షలమంది వచ్చిన పేజీకి జవాబు మూడింట రెండుసార్లు ఎనిమిది వేల తేడాలోపే ఉంటుంది. ఇరవైసార్లలో ఒకసారి పదహారు వేలకు పైగా తేడా వచ్చినా అది పద్ధతి స్వభావమే, లోపం కాదు. తప్పును సగం చెయ్యాలంటే చోటు నాలుగింతలు చెయ్యాలి. ఆ బేరం కొంత దూరం పోయాక గిట్టుబాటు కాదు.

అసలు ఇబ్బంది ఇంకో చివర ఉంది. ఎవరూ రాని పేజీకి ఈ సూత్రం ఏం చెబుతుందో వేసి చూస్తే నవ్వొస్తుంది. రిజిస్టర్లన్నీ సున్నా. 16,384 గదులకు గుణకం 0.7213. జవాబు సుమారు 11,800 మంది! సూత్రం తయారైంది గదులన్నీ నిండిన సందడికి. ఖాళీ గదులకు అది పనికిరాదు. అందుకే సంఖ్య చిన్నగా ఉన్నప్పుడు వేరే లెక్క వాడతారు. రికార్డుల జోలికి పోకుండా ఎన్ని గదులు ఖాళీగా మిగిలాయో చూస్తారు. 16,384లో 16,284 ఇంకా ఖాళీ అంటే వచ్చినవాళ్లు సుమారు వందమంది, ఎందుకంటే అంత విశాలంలో ఇద్దరు ఒకే గదిలో పడడం అరుదు. ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి మారే చోట, ఇక్కడ దాదాపు 41 వేల దగ్గర, పాత ప్రోగ్రాములు ఒక పక్కకు ఒరిగేవి. 2013లో గూగుల్ పరిశోధకులు ఆ ఒరుగుడును కొలిచి పట్టిక వేసి సరిచేశారు. అప్పటిదాకా 32 అంకెలున్న హ్యాష్‌ను కూడా 64కు పెంచారు. 32 అంకెలతో తయారయ్యే వరసలు 429 కోట్లే. లెక్క ఆ సంఖ్యకు దగ్గరపడే కొద్దీ వేర్వేరు మనుషులకు ఒకే వరస వచ్చేస్తుంది.

హ్యాష్ మంచిది కాకపోతే పై లెక్కలన్నీ గంగలో కలుస్తాయి. దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. సరిగ్గా లక్ష వేర్వేరు పేర్లను వరసగా ఇచ్చి జవాబు చూడాలి, పేర్లు మార్చి పదిసార్లు చెయ్యాలి. తప్పు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంటే ఆరోగ్యం బాగున్నట్టు. పదిసార్లూ ఒకే వైపు పోతే హ్యాష్‌ను అనుమానించాలి. కావాలని మోసం చేసేవాళ్ల సంగతి వేరు. రెడిస్ హ్యాష్ సూత్రం, దాని ఆరంభ సంఖ్య బహిరంగంగా ఉన్నాయి. పొడవాటి సున్నాల వరస వచ్చే పేర్లను గదికొకటి చొప్పున ఇంట్లో కూర్చుని ముందే ఏరుకుని, వాటితోనే పేజీ తెరిచేవాడు కొన్ని వేల పేర్లతో లక్షలమంది వచ్చినట్టు చూపించగలడు. డబ్బుతో ముడిపడిన లెక్క అయితే ఆరంభ సంఖ్యను రహస్యంగా ఉంచుకోవాల్సిందే.

ఈ పద్ధతికి ఇంకో గుణముంది, ఇంజనీర్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నది ముఖ్యంగా దానికోసం. సోమవారం లెక్క ఒకటి, మంగళవారం లెక్క ఒకటి ఉన్నాయి. రెండు రోజుల్లో కలిపి ఎంతమంది వేర్వేరు మనుషులు వచ్చారు? రెండు జవాబుల్నీ కూడితే తప్పు, రెండు రోజులూ వచ్చినవాళ్లు రెండుసార్లు పడతారు. ఇక్కడ రెండు లెక్కల్లో ప్రతి గదికీ ఏది పెద్ద రికార్డో అది తీసుకుంటే చాలు. వచ్చేది మొదటినుంచీ ఒకే పద్దులో రాస్తే ఏముండేదో అక్షరాలా అదే. `PFMERGE` చేసే పని ఇంతే. వంద సర్వర్లు విడివిడిగా లెక్కపెట్టుకుని రాత్రికి ఒక చోట కలుపుకోవచ్చు. ఒక సర్వర్ పొరపాటున తన లెక్కను రెండుసార్లు పంపినా నష్టం లేదు.

కలపడం ఇంత తేలికైతే రెండు రోజులూ వచ్చినవాళ్లెందరో కూడా తెలుస్తుందిగా, రెండూ కూడి కలిపిన లెక్కను తీసేస్తే సరి అని ఎవరికైనా తోస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రోజుకు పది లక్షలమంది, రెండు రోజులకూ ఉమ్మడి 5,000 మంది అనుకుందాం. సోమవారం అంచనా 10,03,000, మంగళవారం 9,94,000, కలిపిన అంచనా 20,06,000. అసలు 19,95,000. మూడూ ఒక్క శాతం లోపు తప్పులే, దేన్నీ వేలెత్తి చూపలేం. కూడి తీసేస్తే ఉమ్మడి జనం మైనస్ తొమ్మిది వేలమంది. పెద్ద సంఖ్యల తప్పు చిన్న సంఖ్యను మింగేసింది. అలాగే ఒకసారి చేరినవాణ్ణి తీసేయడమూ కుదరదు, ఆ రికార్డు అతనిదేనో కాదో ఎవరికీ తెలియదు. గత 24 గంటల లెక్క కావాలంటే గంటకొక పద్దు పెట్టుకుని, కావలసిన ఇరవై నాలుగింటినీ కలుపుకోవాలి.

ఇదంతా ఎంతమంది అనే ప్రశ్నకు. ఏది ఎన్నిసార్లు అనే ప్రశ్నకు హైపర్‌లాగ్‌లాగ్ నోరు మెదపదు, మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లను గుర్తుపట్టకపోవడమే దాని గుణం కాబట్టి. ఆ రెండో ప్రశ్నకు జవాబును అమెరికాలోని రట్జర్స్ విశ్వవిద్యాలయంలో గ్రాహం కార్మోడ్, ఎస్. ముత్తుకృష్ణన్ తయారుచేశారు. 2005లో జర్నల్లో అచ్చయిన ఆ పద్ధతి పేరు కౌంట్-మిన్ స్కెచ్. ఇంటర్నెట్ రౌటర్లో నుంచి పోయే పొట్లాల్లో ఏ చిరునామావి ఎక్కువ అని అడిగే రకం ప్రశ్నలు అప్పట్లో ఆ రంగాన్ని నడిపించాయి. చిరునామాలకు లెక్కలేదు, ఒక్కొక్కదానికీ ఒక గడి పెట్టే వీల్లేదు.

అందుకని గళ్లను పంచుకుంటారు. ఒక వార్తల సైట్లో జనం వెతికిన మాటలు లెక్కపెట్టాలనుకుందాం. పట్టికలో మూడు వరసలు, వరసకు ఆరు గళ్లు. ప్రతి వరసకూ దాని సొంత హ్యాష్. మాట వచ్చినప్పుడల్లా మూడు వరసల్లోనూ ఆ మాటకు పడిన గడిలో ఒకటి కలుపుతారు. ఒక రోజు ఫలితాలు అనే మాట 500 సార్లు, బంగారం 120, వాతావరణం 40, కందిపప్పు 3 సార్లు వచ్చాయి. మొదటి వరసలో ఫలితాలకూ వాతావరణానికీ ఒకే గడి పడింది, అందులో 540 చేరింది. బంగారం, కందిపప్పు వేరువేరు గళ్లలో 120, 3గా ఉన్నాయి. రెండో వరసలో ఫలితాలు, బంగారం ఇరుక్కుని 620, వాతావరణం, కందిపప్పు కలిసి 43. మూడోదాంట్లో ఫలితాలతో కందిపప్పు, 503. బంగారంతో వాతావరణం, 160.

ఫలితాలు ఎన్నిసార్లు అని అడిగితే మూడు గళ్లు 540, 620, 503 అంటాయి. ఏ గడిలోనైనా ఉండేది అసలు సంఖ్యా, పక్కవాళ్ల బరువూ. తగ్గే ప్రసక్తి లేదు. కాబట్టి అన్నిటికంటే చిన్నదాన్నే నమ్మాలి, అందుకే పేరులో మిన్ ఉంది. జవాబు 503, నిజం 500. బంగారానికి 120, 620, 160లో చిన్నది 120, సరిగ్గా సరిపోయింది. వాతావరణానికి 43, నిజం 40. హైపర్‌లాగ్‌లాగ్ తప్పు అటూ పోతుంది, ఇటూ పోతుంది. కౌంట్-మిన్ తప్పు ఎప్పుడూ పైకే.

ఇదే పట్టికను ఆ రోజు ఎవరూ వెతకని చిక్కుడుకాయ గురించి అడగండి. దాని గళ్లు బంగారం గడి, వాతావరణం కందిపప్పు ఉన్న గడి, బంగారం వాతావరణం ఉన్న గడి అయ్యాయనుకుంటే 120, 43, 160 వస్తాయి. చిక్కుడుకాయను 43 సార్లు వెతికారని పట్టిక నిబ్బరంగా చెబుతుంది. నిజంగా 40 సార్లు వచ్చిన వాతావరణానికీ దీనికీ తేడా తెలియదు.

చిన్న పట్టిక కాబట్టి ఇలా అయిందనుకోకూడదు, పెద్దదానికీ ఇదే జబ్బు. వరసకు 2,719 గళ్లు, ఐదు వరసలు పెడితే, నాలుగేసి బైట్ల చొప్పున 54 వేల బైట్లు. కార్మోడ్, ముత్తుకృష్ణన్ ఇచ్చిన హామీ ప్రకారం తప్పు మొత్తం రాకల్లో వెయ్యో వంతుకు మించదు, 99.3 శాతం సందర్భాల్లో. వినడానికి బాగుంది. కానీ మొత్తం కోటి వెతుకులాటలైతే వెయ్యో వంతు పదివేలు. సగటున ఒక్కో గడిలో పేరుకునేదే 3,678. మూడు లక్షలసార్లు వచ్చిన మాటకు పదివేలు పెద్ద లెక్కలోది కాదు. ముప్పైసార్లు వచ్చిన మాట సంగతి ఈ పట్టికను అడగనే కూడదు. హామీ మొత్తం రాకల్లో వాటా గురించి, ఆ మాట సంఖ్యలో వాటా గురించి కాదు. ఈ తేడా చూసుకోకుండా వాడినవాళ్లు అరుదైన విషయాలకు కూడా వేలల్లో అంకెలు ప్రచురించుకుంటారు.

అడుగున ఎంత మడ్డి చేరిందో తెలుసుకోవడానికి ఒక మంచి ఉపాయముంది. ఎవరూ వెతికే వీల్లేని, అర్థంలేని మాటలు ఓ వంద తయారుచేసి పట్టికను అడగాలి. సున్నా రావాల్సిన చోట ఏ అంకె వస్తుందో అదే ఆనాటి మడ్డి మట్టం. దానికి బాగా పైనున్నవి మాత్రమే నమ్మదగ్గవి.

మడ్డిని తగ్గించే చిట్కా కూడా ఉంది. వాతావరణం ఇంకోసారి వచ్చిందనుకుందాం. దాని గళ్లు 540, 43, 160. అసలు సంఖ్య 43 కంటే ఎక్కువ ఉండే వీల్లేదు కాబట్టి, ఇప్పుడు 44 మించదు. మిగతా రెండూ ఇప్పటికే 44 దాటి ఉన్నాయి, వాటిని ముట్టుకోవడం దండగ. 43ను మాత్రం 44 చేస్తే చాలు. పక్కవాళ్లమీద అనవసర బరువు పడదు. బదులుగా పోగొట్టుకునేది తీసివేత: మామూలు పట్టికలో ఒకటి కలిపినట్టే ఒకటి తగ్గించవచ్చు, ఇలా పొదుపుగా రాసినదాంట్లో కుదరదు.

కౌంట్-మిన్ పట్టికల్నీ కలపొచ్చు, ఒకే హ్యాష్‌లు, ఒకే కొలతలు ఉంటే గడికి గడి కూడితే సరిపోతుంది. అయితే ఇక్కడ పెద్దది తీసుకోవడం కాదు, కూడడం. అందువల్ల ఒక సర్వర్ తన పట్టికను పొరపాటున రెండుసార్లు పంపితే హైపర్‌లాగ్‌లాగ్ చెక్కుచెదరదు, కౌంట్-మిన్‌లో ఆ సర్వర్ వాటా రెట్టింపవుతుంది. రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిపేవాళ్లకు ఇదొక సూచిక. సందర్శకుల సంఖ్య మామూలుగా ఉండి, మాటల సంఖ్యలన్నీ ఒక్కసారి పెరిగితే, జనం ఎగబడ్డారని సంబరపడే ముందు ఏ సందేశమైనా రెండోసారి వచ్చిందేమో చూడాలి.

పట్టికలో పేర్లుండవు కాబట్టి ఎక్కువసార్లు వచ్చిన పది మాటలేవో చెప్పమంటే అది చెప్పలేదు. పక్కన చిన్న జాబితా ఒకటి పెట్టుకోవాలి. ప్రతి మాటనూ పట్టికలో ఎక్కించగానే దాని అంచనా అడిగి, జాబితాలో అట్టడుగున ఉన్నదాన్ని మించితే దాన్ని తోసేసి ఇది కూర్చుంటుంది.

పేర్లూ కచ్చితమైన అంకెలూ రెండూ అక్కర్లేని చోట ఈ పట్టిక ఇంకా చిన్నదైపోతుంది. జావా ప్రోగ్రాముల్లో విరివిగా వాడే కెఫీన్ అనే క్యాష్ అలాంటిది. క్యాష్ నిండినప్పుడు కొత్తగా వచ్చినదాన్ని లోపలికి రానివ్వాలా, పాతదాన్నే ఉంచాలా అని ప్రతిసారీ తేల్చుకోవాలి. దానికి తెలియాల్సింది ఎన్నిసార్లు అనేది కాదు, ఇద్దరిలో ఎవరు ఎక్కువసార్లు అనేది. అందుకని కెఫీన్‌లోని కౌంట్-మిన్ పట్టికలో ఒక్కో గడికీ 4 బిట్లే. పదిహేను దాటితే లెక్క ఆగిపోతుంది. కొన్ని రాకలైన తర్వాత గళ్లన్నిట్లోని అంకెల్నీ సగానికి కోస్తారు. నిన్న వెలిగి ఇవాళ ఎవరూ అడగనిది పన్నెండు నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు జారుతుంది, ఇవాళ నాలుగుసార్లు వచ్చిన కొత్తది దాని చోట్లోకి వస్తుంది.